మామిడికాయ కోసిన కత్తి

పోయిన వేసవిలో బీటెక్ అయిపోయిన ఒక అమ్మాయి ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ పరీక్షకు తయారవుతూ నా దగ్గరికి వచ్చింది. ముందు ఒక నమూనా పరీక్ష పెట్టి, ఫోన్‌లో రికార్డు చేశాను. ‘నీకు ఉపయోగపడేది ఏదైనా నేర్పిన మనిషి గురించి చెప్పు’ అన్నది కార్డు మీద ఉన్న అంశం. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం ఇస్తారు. ఆ తర్వాత ఒకటి నుంచి రెండు నిమిషాల దాకా ఆపకుండా మాట్లాడాలి. ఆమె వాళ్ళ పెదనాన్న గురించి చెప్పింది. ఇంగ్లిష్‌లో చెప్పిందే తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, చదువుతూ చెవితో వినండి.

“ఐ వాంట్ టు టాక్ అబౌట్ మై అంకుల్. హి ఈజ్ సిక్స్‌టీ ఇయర్స్ ఓల్డ్. హి లివ్స్ ఇన్ ఎ విలేజ్. ద విలేజ్ ఈజ్ నియర్ తెనాలి. హి వర్క్‌డ్ ఇన్ ఎ పోస్టాఫీస్. హి టాట్ మి సైక్లింగ్. ఐ వాజ్ ఎయిట్ ఇయర్స్ ఓల్డ్. ద సైకిల్ వాజ్ వెరీ బిగ్. ఐ ఫెల్ డౌన్ మెనీ టైమ్స్. హి నెవర్ స్కోల్డెడ్ మి.”

అంతే. నిమిషం కూడా కాలేదు. గ్రామర్ గడిలో నేను 5 వేశాను. ఆ అమ్మాయి కాగితం చూసి, “మేడమ్, ఒక్క తప్పైనా ఉందా ఇందులో?” అంది. లేదు. పది వాక్యాల్లో ఒక్క తప్పు లేదు. ఆమె కోపంలో న్యాయం ఉంది. ఎందుకంటే బళ్ళో మనకు గ్రామర్ అంటే తప్పు లేకపోవడమనే నేర్పారు. ఈ పరీక్ష అలా అనుకోదు.

స్పీకింగ్ పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. పరీక్షకురాలు నాలుగు విషయాలు చూస్తుంది: తడుముకోకుండా, పొందికగా మాట్లాడుతున్నామా, మాటల సంపద ఎంత, గ్రామర్ ఎలా ఉంది, ఉచ్చారణ ఎలా ఉంది. నాలుగింటికీ సమాన విలువ, అంటే గ్రామర్ వాటా పావు వంతు. ఆ గడి అసలు పేరు ‘గ్రమాటికల్ రేంజ్ అండ్ యాక్యురసీ’. ఆమె రెండో మాటనే చూసింది, మొదటి మాటను వదిలేసింది. రేంజ్ అంటే ఎన్ని రకాల వాక్యాలు మన అదుపులో ఉన్నాయన్నది. ఈ పరీక్షవాళ్ళు బయటపెట్టిన బ్యాండ్ వివరణల సారం ఇదీ: మామూలు చిన్న వాక్యాలు దాదాపు సరిగ్గా చెబుతూ, పెద్ద వాక్యాల జోలికి వెళ్ళినప్పుడల్లా తప్పులు చేసేవాళ్ళు 5 దగ్గర ఉంటారు. చిన్నవీ పెద్దవీ కలిపి వాడుతూ, పెద్దవాటిలో తరచూ తప్పులు చేసినా అర్థం చెడకుండా చెప్పేవాళ్ళు 6. రకరకాల పెద్ద వాక్యాలను కాస్త స్వేచ్ఛగా వాడుతూ, తరచుగా తప్పు లేని వాక్యాలు చెప్పగలిగేవాళ్ళు 7. అంటే 6 దగ్గర కొన్ని తప్పులు చేసే హక్కు ఉంది కానీ, ప్రయత్నించకుండా ఉండే హక్కు లేదు. ఆ అమ్మాయి ప్రయత్నించలేదు. పది వాక్యాల్లోనూ ఒక్కో క్రియే, ఒక్కో సంగతే.

ఎందుకు ప్రయత్నించలేదన్నది ఆసక్తికరమైన ప్రశ్న. ఆమెకు రిలేటివ్ క్లాజ్ తెలియక కాదు. ‘హూ’, ‘విచ్’ పెట్టి రెండు వాక్యాలు కలపమంటే కాగితం మీద టకటకా కలిపేసింది. నోరు తెరిస్తే మాత్రం రాదు. 1974లో జాక్విలిన్ షాక్టర్ అనే అమెరికన్ భాషా పరిశోధకురాలు సరిగ్గా ఈ విషయాన్నే పట్టుకున్నారు. ఇంగ్లిష్ నేర్చుకుంటున్న రకరకాల దేశాల విద్యార్థుల వ్యాసాల్లో రిలేటివ్ క్లాజులు లెక్కపెట్టారు. పర్షియన్ మాతృభాషగా ఉన్నవాళ్ళు 174 వాడి 43 చోట్ల తప్పు చేశారు. జపనీయులు వాడినవి 63, వాటిలో తప్పులు 5. తప్పులు మాత్రమే లెక్కపెట్టే మాస్టారైతే జపనీయులకే ఇది బాగా వచ్చని తేల్చేస్తారు. అసలు సంగతి అది కాదు, వాళ్ళు నిక్కచ్చిగా తెలిసిన చోట తప్ప దాని దరిదాపులకు పోలేదు. జపనీస్ వాక్యంలో వర్ణన అంతా నామవాచకానికి ముందే వస్తుంది. ఇంగ్లిష్‌లో వెనక వస్తుంది. సొంత భాషలో ముందుండేదాన్ని వెనక పెట్టాలంటే మనసు మొరాయిస్తుంది, ఆ దారినే తప్పించుకుంటుంది.

తెలుగూ అంతే. ‘నిన్న వచ్చిన అబ్బాయి’ అంటాం. ‘వచ్చిన’ ముందు, ‘అబ్బాయి’ తర్వాత. మన వ్యాకరణంలో దీన్ని క్రియాజన్య విశేషణం అంటారు, అంటే క్రియలోంచి పుట్టిన విశేషణం. ఇది ఎంత పొదుపైన పరికరమో మనం రోజూ వాడుతూ గమనించం. మామిడికాయతో చూపిస్తాను.

మామిడికాయ కోసిన అబ్బాయి. అబ్బాయి కోసిన మామిడికాయ. మామిడికాయ కోసిన కత్తి. మామిడికాయ కోసిన చెట్టు. మామిడికాయ కోసిన రోజు.

ఐదింటిలోనూ ‘కోసిన’ ఒక్కటే. అబ్బాయి కోసేవాడు, మామిడికాయ కోయబడింది, కత్తి ‘తో’ కోశాడు, చెట్టు ‘నుంచి’ కోశాడు. కానీ ఆ ‘తో’, ఆ ‘నుంచి’ బయటికి ఎక్కడా కనిపించవు. కత్తి కోస్తుంది, చెట్టుకు కాయ ఉంటుంది అని లోకం తెలిసినవాళ్ళెవరైనా అర్థం చేసుకుంటారు, అందుకని తెలుగు వాటిని మింగేసింది. ఇంగ్లిష్ మింగనివ్వదు. “ద బాయ్ హూ కట్ ద మ్యాంగో” వరకు చిక్కు లేదు. “ద మ్యాంగో దట్ ద బాయ్ కట్” కూడా సరే. కత్తి దగ్గరికి వచ్చేసరికి “ద నైఫ్ దట్ హి కట్ ద మ్యాంగో విత్” అనాలి. చివర్లో ఆ ‘విత్’ లేకపోతే వాక్యం కుంటుతుంది. చెట్టుకైతే “ద ట్రీ దట్ హి పిక్‌డ్ ద మ్యాంగో ఫ్రమ్”. (చెట్టు నుంచి కోసినా, కత్తితో కోసినా మనకు ఒకటే కోయడం. ఇంగ్లిష్‌కి రెండు క్రియలు కావాలి. ఆ గొడవ ఇంకో రోజు.)

మన పిల్లలు “ద కాలేజ్ విచ్ ఐ స్టడీడ్”, “ద కంపెనీ విచ్ ఐ వర్క్”, “ద పర్సన్ హూ ఐ టాక్” అని ఎందుకంటారో ఇప్పుడు తెలుస్తుంది. ‘నేను చదివిన కాలేజీ’, ‘నేను పనిచేసే కంపెనీ’ అనే తెలుగు మాటలు అచ్చంగా అలాగే ఉంటాయి. మింగేసిన ‘లో’ని బయటికి తీసుకురావాలని ఎవరూ చెప్పలేదు. దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఆ క్లాజుని విప్పి మామూలు వాక్యంగా చెప్పి చూడండి. “ఐ స్టడీడ్ ఇన్ దట్ కాలేజ్” అంటామా, “ఐ స్టడీడ్ దట్ కాలేజ్” అంటామా? మొదటిదే. అంటే ‘ఇన్’ ఉంది. అది కలిపిన వాక్యంలోనూ ఎక్కడో ఒకచోట కనిపించి తీరాలి: “ద కాలేజ్ విచ్ ఐ స్టడీడ్ ఇన్”. చోటు గురించే అయితే ఇంకా సులువైన దారి ‘వేర్’. “ద కాలేజ్ వేర్ ఐ స్టడీడ్” అంటే ‘వేర్’ ఆ ‘ఇన్’ని తనలో దాచుకుంటుంది, మళ్ళీ చెప్పక్కర్లేదు. నేనైతే మాట్లాడేటప్పుడు చోట్లకి ‘వేర్’నే వాడమంటాను. ‘ఇన్ విచ్’ పుస్తకాల్లో బాగుంటుంది, నోట్లో కాస్త గట్టిగా తగులుతుంది.

రెండో జబ్బు దీనికి తలకిందులు. అక్కడ ఉండాల్సింది మింగేశాం, ఇక్కడ అక్కర్లేనిది చేరుస్తాం. ఆ అమ్మాయితో “సరే, రెండేసి వాక్యాలు కలిపి చెప్పు” అన్నాను. రెండోసారి ఇలా మొదలుపెట్టింది: “మై అంకుల్ హూ హి వర్క్‌డ్ ఇన్ ఎ పోస్టాఫీస్ హి లివ్స్ ఇన్ ఎ విలేజ్.” ఆ ‘హి’లు రెండూ ఎక్కువే. ‘హూ’ అన్నాక మళ్ళీ ‘హి’ ఎందుకు? ‘హూ’యే ఆయన. దీని మూలం కూడా మన దగ్గరే ఉందని నా అనుమానం. తెలుగులో క్రియాజన్య విశేషణంతో పాటు ఇంకో పద్ధతి ఉంది: ‘ఎవరైతే ముందు వస్తారో వాళ్ళకే సీటు’. ‘ఎవరు’ అన్నాక ‘వాళ్ళు’ అని జవాబివ్వాలి, లేకపోతే వాక్యం మూతపడదు. ‘హూ’ అనగానే తెలుగు మనసుకి ‘ఎవరైతే’ వినిపిస్తుంది, వెంటనే ‘వాళ్ళు’ కోసం వెతుక్కుంటుంది. “ద సైకిల్ విచ్ ఐ బాట్ ఇట్” అనేదీ ఈ కోవలోదే.

మూడోది వినేవాళ్ళకి బాగా ఇబ్బంది కలిగించేది. “మై అంకుల్ హూ వర్క్‌డ్ ఇన్ ఎ పోస్టాఫీస్ నియర్ తెనాలి...” అని ఆగిపోవడం. పోస్టాఫీసులో పనిచేసిన మా పెదనాన్న... ఏం చేశాడు? తెలుగు వాక్యం ఎంత పొడుగైనా, చివర సమాపక క్రియ ఒక్కటి పడితే ముగిసిపోతుంది. మధ్యలో వచ్చేవన్నీ అసమాపకాలే: లేచి, స్నానం చేసి, తిని, వెళ్ళాడు. పదో తరగతి తెలుగులో సామాన్య, సంయుక్త, సంక్లిష్ట వాక్యాలని చదువుకున్నది గుర్తుంటే, మన సంక్లిష్ట వాక్యం ఇలాంటిదే. ఇంగ్లిష్‌లో ‘హూ’ తన వెంట కాలం చూపించే పూర్తి క్రియను ఒకటి తెచ్చుకుంటుంది. అసలు వాక్యానికి మరో పూర్తి క్రియ కావాలి. మన చెవికి ఒక పూర్తి క్రియ వినబడగానే వాక్యం అయిపోయిందనిపించి ఆగిపోతాం. ‘హూ’ ఒకటి వాడితే క్రియలు రెండుండాలని వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం మొదట్లో వెగటుగానే ఉంటుంది. వారంలో అలవాటవుతుంది.

ఈ మూడూ తెలిశాక ఆ అమ్మాయితో మళ్ళీ అదే పెదనాన్న దగ్గర మొదలుపెట్టాం. కొత్త సంగతులు అక్కర్లేదు, ఉన్న పదింటినే సర్దాలి. మొదటి అడ్డంకి ‘అంకుల్’ దగ్గరే వచ్చింది. పెదనాన్న, బాబాయి, మామయ్య, పక్కింటాయన అందరూ ఇంగ్లిష్‌లో అంకులే. ఆ మనిషి ఎవరో చెప్పడానికి ఇంగ్లిష్‌లో ఒక్క మాట లేదు కాబట్టి వివరణ చేర్చక తప్పదు. ఇలాంటి చోట రిలేటివ్ క్లాజ్ మార్కుల కోసం అతికించినట్టు ఉండదు, అవసరం కోసమే వస్తుంది. నేతి అరిసెల గురించో, సంక్రాంతి గొబ్బెమ్మల గురించో బయటి దేశం పరీక్షకురాలికి చెప్పాల్సి వచ్చినప్పుడు “విచ్ ఆర్...” అని అందుకోవడం ఎంత సహజమో ఇదీ అంతే. మన బతుకులో ఇంగ్లిష్ మాట లేనిది ఎక్కడ తగిలితే అక్కడ ఒక క్లాజ్ కాచుకుని ఉంటుంది. సగం సేపు కలిసి కూర్చుని మేం తయారుచేసుకున్నది ఇదీ:

“ఐడ్ లైక్ టు టాక్ అబౌట్ మై ఫాదర్స్ ఎల్డర్ బ్రదర్, హూ వర్క్‌డ్ ఇన్ ఎ పోస్టాఫీస్ నియర్ తెనాలి అంటిల్ హి రిటైర్డ్. వెన్ ఐ వాజ్ ఎయిట్, హి టాట్ మి టు రైడ్ ఎ సైకిల్. ద సైకిల్ ఐ లెర్న్‌డ్ ఆన్ వాజ్ హిజ్ ఓన్, అండ్ ఇట్ వాజ్ సో బిగ్ దట్ ఐ హ్యాడ్ టు పుట్ వన్ లెగ్ అండర్ ద బార్. ఐ ఫెల్. ఐ ఫెల్ మెనీ టైమ్స్, బట్ హి నెవర్ స్కోల్డెడ్ మి. ఇఫ్ హి హ్యాడ్ షౌటెడ్ ఈవెన్ వన్స్, ఐ వుడ్ హ్యావ్ గివెన్ అప్.”

ఇందులో రిలేటివ్ క్లాజులు రెండే రెండు. మొదటిది “హూ వర్క్‌డ్” దగ్గర. దాని ముందు చిన్న విరామం ఉంది, రాస్తే కామా పెట్టే చోటు. నాన్నగారి అన్నయ్య అనగానే ఆ మనిషెవరో తెలిసిపోయింది, పోస్టాఫీసు సంగతి అదనపు సమాచారం. ఆ విరామం లేకుండా చెబితే నాన్నగారికి అన్నయ్యలు చాలామంది ఉన్నారనీ, అందులో పోస్టాఫీసు అన్నయ్య గురించి చెబుతున్నాననీ అర్థం వస్తుంది. తెలుగులో ‘పోస్టాఫీసులో పనిచేసిన మా పెదనాన్న’ అన్నది రెంటికీ సరిపోతుంది గనక ఈ తేడా మనకు వెంటనే తట్టదు. ఇంకో సంగతి, ఆ విరామం తర్వాత ‘దట్’ వాడకూడదు, ‘హూ’నో ‘విచ్’నో రావాలి. రెండోది “ద సైకిల్ ఐ లెర్న్‌డ్ ఆన్”. ఇక్కడ ‘విచ్’ కూడా లేదు. ‘ఏ సైకిల్’ అన్నది తేల్చే క్లాజులో, దాని వెనకే ‘ఐ’ లాంటి కొత్త కర్త వస్తే, ‘విచ్’నీ ‘దట్’నీ మాటల్లో ఎగరగొట్టేయొచ్చు. తెలుగు నోటికి ఇదే దగ్గరి దారి, మనకూ మధ్యలో అతుకు మాట ఉండదు కదా. మింగేసిన ‘ఆన్’ మాత్రం వెనక్కి వచ్చింది చూడండి. మొత్తం మీద నాకు బాగా నచ్చిన ముక్క అది.

మిగతాది వాక్య రకాల సంగతి. రేంజ్ అంటే రిలేటివ్ క్లాజులు మాత్రమే అనుకుంటే ఇంకో గోతిలో పడతాం. ‘వెన్’తో మొదలైన వాక్యం ఒకటి, ‘సో బిగ్ దట్’ అని ఫలితం చెప్పేది ఒకటి, ‘బట్’తో రెండు సమాన వాక్యాల జోడీ ఒకటి, జరగనిదాన్ని ఊహించే ‘ఇఫ్’ వాక్యం ఒకటి. ఆ ‘ఇఫ్’ వాక్యం బరువైనదే, గతంలో జరగనిదాని గురించి కాబట్టి ‘హ్యాడ్ షౌటెడ్’, ‘వుడ్ హ్యావ్ గివెన్’ రెండూ సరిగ్గా పడాలి. మన కోస్తా ఇంగ్లిష్‌లో ‘ఇఫ్ హి వుడ్ హ్యావ్ షౌటెడ్’ అనడం తరచుగా వింటాను. ‘ఇఫ్’ పక్కన ‘వుడ్’ పెట్టొద్దని ఒక్కటి గుర్తుంటే సగం తప్పులు పోతాయి. ఇక మధ్యలో ఉన్న “ఐ ఫెల్” అన్న రెండు మాటల వాక్యం. దాన్ని తీసేసి పక్కదానితో కలిపేద్దామని ఆ అమ్మాయి అంది. నేను ఒప్పుకోలేదు. బ్యాండ్ 6 వివరణలోనే చిన్నా పెద్దా కలగలుపు అని ఉంది. అదీగాక పొడుగు వాక్యాల మధ్య చటుక్కున పడ్డ ఆ చిన్న వాక్యంలో పడిపోయిన చప్పుడు ఉంది.

ఇదయ్యాక చాలామంది చేసే పొరపాటు, ఈ సమాధానాన్ని కంఠతా పట్టడం. పరీక్షకులకు వల్లెవేసిన జవాబు చెవికి ఇట్టే తెలిసిపోతుంది. రెండు వాక్యాలు పుస్తకంలోంచి దిగినట్టుంటాయి, ఆ తర్వాత పక్క ప్రశ్న వేయగానే పాత చిట్టి వాక్యాలు తిరిగొస్తాయి. మూడో భాగంలో నాలుగైదు నిమిషాలు కార్డు అంశాన్ని పట్టుకుని చర్చ నడుస్తుంది, అక్కడ ఇది దాగదు. ఇంకొందరు ప్రతి నామవాచకానికీ ఒక ‘విచ్’ తగిలించి గొలుసు కట్టేస్తారు: ఊరు, విచ్ ఈజ్ నియర్ తెనాలి, విచ్ ఈజ్ ఇన్ గుంటూరు డిస్ట్రిక్ట్, విచ్ ఈజ్ ఇన్ ఆంధ్రప్రదేశ్... ఇది రేంజ్ కాదు, ఒకే పనిముట్టుని పదే పదే వాడడం. పైగా మధ్యలో ఊపిరి చాలక తడబడితే గ్రామర్‌లో వచ్చింది ధారాళతలో పోతుంది. పరీక్షకుల చేతిలో ‘ఇన్ని క్లాజులుంటే ఇన్ని మార్కులు’ అనే పట్టిక లేదు. మొత్తం వింటూ, ఈ మనిషికి ఏ ఆకారం కావాలంటే అది అందుతోందా అని చూస్తారు.

అందుకని నేను ఇచ్చే ఇంటిపని వల్లెవేతకు వీలుండని రకం. ఫోన్ ముందు పెట్టుకుని రెండు నిమిషాలు ఏదో ఒకటి మాట్లాడాలి. తర్వాత ఆ రికార్డింగ్ వింటూ, అన్నది అన్నట్టు కాగితం మీద రాసుకోవాలి, తప్పులు సర్దకుండా. ఈ రాసుకోవడమే అసలు మందు. మాట్లాడేటప్పుడు వినబడని ‘హూ హి’ కాగితం మీద కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అప్పుడు పక్కపక్కనున్న రెండు వాక్యాల్లో ఒకే నామవాచకం రెండుసార్లు వచ్చిన చోట గీత గీయాలి. “ఇన్ ఎ విలేజ్. ద విలేజ్ ఈజ్...” లాంటి చోట్లు. క్లాజ్ పెట్టాల్సినవి అవే, అంతకు మించి వెతకక్కర్లేదు. రెండు మూడు చోట్ల కలిపి, కాగితం మూసేసి, మళ్ళీ మొదటి నుంచి మాట్లాడాలి. రెండోసారి మాటలు వేరేగా వస్తాయి, రావాలి కూడా. రాతపరీక్షలోనూ రెండు టాస్కుల్లో ఇదే గ్రామర్ గడి ఉంటుంది కాబట్టి ఈ పని అక్కడికీ పనికొస్తుంది. అక్కడ విరామాలకు బదులు కామాలు చూసుకోవాలి, అంతే తేడా.

ఆ అమ్మాయి పది రోజులు చేసింది. పదకొండో రోజు నేను కార్డు మార్చి ‘చిన్నప్పుడు నీకిష్టమైన చోటు గురించి చెప్పు’ అన్నాను. సైకిలు నేర్చుకున్న కాలవగట్టు గురించి ఎత్తుకుంది. “ద రోడ్ వి ప్రాక్టీస్‌డ్...” అని ఆగింది. ఏదో మింగేశానని తెలిసిపోయింది, ఏమిటో వెంటనే దొరకలేదు. రికార్డింగ్‌లో రెండు సెకన్లు ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత, కాస్త గట్టిగా, “ఆన్!” అని ఉంది.